మిరప ఆకు ముడత వ్యాసానికి సబ్‌హెడ్డింగులు ఎలా మార్చాలి?

సుజాత_మిద్దెతోట

అందరికీ నమస్కారం. మిద్దె తోట మీద తెలుగులో బ్లాగు రాస్తుంటాను. కుండీల్లో పెంచే మిరపకు ఆకు ముడత ఎందుకొస్తుంది, వస్తే ఏం చేయాలి అని ఒక పెద్ద వ్యాసం రాశాను. చదవడానికి జనం వస్తున్నారు గానీ, కామెంట్లలో అడిగేవన్నీ వ్యాసంలో ఉన్నవే. "మేడం, ఆకు కిందికి ముడుచుకుంటే ఏం కొట్టాలి?" అని నిన్న కూడా ఒకరు అడిగారు. దాని మీద రెండు పేరాలు ఉన్నాయి. ఇంకొకావిడ వేప నూనె కొట్టిన మర్నాడే గంధకం కొట్టి, ఆకులు మాడిపోయాయని ఫొటో పెట్టారు. అలా చేయొద్దని కూడా రాసే ఉంది, కాకపోతే చాలా కింద.

ఇప్పుడున్న వరస ఇది:

శీర్షిక: మిరప మొక్కలు – నా అనుభవాలు
పరిచయం
మిరప లేని వంట ఉంటుందా?
సమస్య మొదలైంది!
అసలు దోషి ఎవరు?
మందులు
మరికొన్ని విషయాలు
ముగింపు

ఫోన్‌లో గబగబా కిందికి జరుపుకుంటూ పోయేవాళ్ళకు కావలసింది కంటపడాలి, గూగుల్‌లో వెతికేవాళ్ళకు పేజీ దొరకాలి. వ్యాసం లోపలి విషయం మార్చను, హెడ్డింగులు మాత్రమే మారుస్తాను. ఎలా మార్చమంటారు?

గుంటూరు_మిర్చి

అమ్మా, ఇందులో అంత ఆలోచించేదేముంది? ఆకు పైకి ముడిచి పడవలాగా అయితే తామర పురుగు. కిందికి ముడిచి కాడ సాగితే నల్లి. ఆకులు చిన్నవైపోయి మొక్క గుబురుగా గిడసబారితే వైరస్, దాన్ని తెల్లదోమ తెస్తుంది. నల్లికైతే నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. వైరస్ మొక్కకు మందు లేదు, పీకి దూరంగా పడేయడమే. మీ కుండీలు ఎన్ని?

సుజాత_మిద్దెతోట

అన్నా, ఆ సంగతులన్నీ వ్యాసంలో రాశాను. నేనడిగింది హెడ్డింగుల గురించి. 😊

వెబ్‌పని_కిరణ్

సుజాత గారూ, ఆయన ప్రశ్న సరిగా చదవకపోయినా జవాబు మాత్రం ఇచ్చేశారు. ఆ మొదటి మూడు వాక్యాలే మీకు కావలసిన సబ్‌హెడ్డింగులు.

మీ పాఠకుడు ఎలా వస్తాడో చూడండి. చేతిలో ముడిచిన ఆకు ఉంటుంది. అతనికి తామర పురుగు పేరు తెలియదు, తెలిసింది ఆకు ఎటు ముడిచిందన్నదొక్కటే. పేజీ తెరిచి బొటనవేలితో జరుపుతూ "నా ఆకు ఎక్కడుంది" అని చూస్తాడు. "సమస్య మొదలైంది!" దగ్గర ఆగడు, అందులో అతని ఆకు లేదు. "అసలు దోషి ఎవరు?" దగ్గరా ఆగడు. "మందులు" దగ్గర ఆగుతాడు. అక్కడ కనపడిన మొదటి మందు కొడతాడు. మీకొచ్చిన ఫొటో వెనక జరిగింది ఇదే అయ్యుంటుంది.

మన వాక్యంలో క్రియ చివరికి వస్తుందని, అసలు సంగతి కూడా చివరికి తోసేస్తుంటాం. "మిరప మొక్కలను ఆశించే వివిధ రకాల పురుగుల గురించి తెలుసుకుందాం" అన్న హెడ్డింగ్‌లో మొదటి మూడు మాటలు చదివినవాడికి ఏం తెలిసింది? "గురించి తెలుసుకుందాం" కొట్టేసినా ఏమీ పోదు. అదే "ఆకు పైకి ముడిస్తే: తామర పురుగు" అంటే ముందు గుర్తు, ఆ వెంటనే జవాబు. చూసేవాడి కన్ను తనకు తెలిసిన మాట దగ్గర మొదలై, తెలియని మాట దగ్గర ఆగుతుంది. "అయితే", "ఉంటే" అని షరతు ముందు పెట్టడం తెలుగులో ఎంతో సహజంగా కుదురుతుంది, దాన్ని వాడుకోండి.

ర్యాంక్_రాజా

కిరణ్ చెప్పింది చదివేవాళ్ళకు బాగానే ఉంటుంది, ర్యాంక్ మాత్రం రాదు. కీవర్డ్ ప్రతి హెడ్డింగ్‌లో ఉండాలి. ఇలా పెట్టండి:

మిరప ఆకు ముడత అంటే ఏమిటి
మిరప ఆకు ముడత కారణాలు
మిరప ఆకు ముడత లక్షణాలు
మిరప ఆకు ముడత నివారణ
మిరప ఆకు ముడత మందులు

`h1`, అంటే అన్నిటికంటే పెద్ద హెడ్డింగ్, పేజీకి ఒక్కటే ఉండాలి, రెండుంటే గూగుల్ పెనాల్టీ వేస్తుంది. చివర ప్రశ్నలు జవాబులు పెట్టి FAQ స్కీమా అనే కోడ్ తగిలించండి, రిజల్ట్స్‌లో ఎక్కువ చోటు వస్తుంది.

వెబ్‌పని_కిరణ్

రాజా గారూ, శీర్షికలో "మిరప ఆకు ముడత" ఉండి తీరాలి, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడున్న "మిరప మొక్కలు – నా అనుభవాలు" చూసి లోపల ఆకు ముడత ఉందని మనిషికే తెలియదు, గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? ఒక సబ్‌హెడ్డింగ్‌లో కూడా ఆ మాట వస్తే మంచిదే.

అయితే మీరిచ్చిన అయిదింటినీ ఫోన్‌లో ఒకసారి చూడండి. ఎడమ అంచున "మిరప ఆకు ముడత" అయిదుసార్లు వరసగా. తేడా చెప్పే మాట ప్రతిచోటా చివర. సన్న స్క్రీన్ మీదైతే ఆ చివరి మాట రెండో లైన్‌లో పడుతుంది. అన్నీ ఒకేలా కనపడితే దేని దగ్గర ఆగాలో తెలియదు. పైగా "లక్షణాలు", "కారణాలు", "మందులు" అని విడగొడితే, నల్లి పట్టిన మొక్క ఉన్నవాడు మూడుచోట్ల వెతుక్కుని మూడు ముక్కలు కలుపుకోవాలి. అతనికి కావలసింది తన ఆకు, దాని పురుగు, దాని మందు ఒకేచోట.

`h1` రెండుంటే పెనాల్టీ అన్నది ఎప్పటినుంచో తిరుగుతున్న మాట, అలాంటిదేమీ లేదు. హెడ్డింగుల వరస తప్పినా సెర్చ్‌కు ఫరవాలేదని, ఇన్ని హెడ్డింగులే ఉండాలన్న లెక్క కూడా లేదని గూగుల్ వాళ్ళ SEO స్టార్టర్ గైడ్‌లోనే ఉంది. FAQ సంగతికొస్తే, 2023 ఆగస్టులో దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. మిద్దె తోట బ్లాగుకు ఆ చోటు రాదు.

ర్యాంక్_రాజా

FAQ మారిందని తెలుసు, పాత అలవాటులో రాసేశాను. కీవర్డ్ విషయంలో మాత్రం నా మాట నాదే. నా క్లయింట్ సైట్లలో పనిచేసింది.

పాత_డెస్కు

చాలాకాలం పత్రికలో సబ్‌ఎడిటర్‌గా పనిచేసినవాణ్ణి. "అసలు దోషి ఎవరు?" మీద మీరంతా పడ్డారు గానీ, అది మంచి హెడ్డింగ్. పాఠకుణ్ణి లాక్కెళ్తుంది. "ఆకు పైకి ముడిస్తే: తామర పురుగు" అనేస్తే ఇక కింద చదవడానికి ఏం మిగిలింది? అన్నీ హెడ్డింగ్‌లోనే చెప్పేస్తే వ్యాసం ఉత్త జాబితాలా తయారవుతుంది.

వెబ్‌పని_కిరణ్

మాస్టారూ, పేపర్‌లో మధ్య శీర్షిక పని వేరు. పేజీ అంతా ఒకేసారి కంటికి కనపడుతుంది, పొడుగు కాలమ్‌లో ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఒక మాట పెడతారు. చదివేవాడు పైనుంచే వస్తున్నాడు కాబట్టి ఊరించినా నష్టం లేదు. ఇక్కడ సెర్చ్ నుంచి వచ్చినవాడు మధ్యలో దిగుతాడు. అతనికి పైన కథ తెలియదు, దోషి అంటే దేనికి దోషో కూడా తెలియదు.

జవాబు హెడ్డింగ్‌లో చెప్పేస్తే చదవరన్న భయం అక్కర్లేదు. "తామర పురుగు" అని కనపడగానే, అది కంటికి ఎలా ఉంటుంది, ఆకు అడుగున ఎలా చూడాలి, ఏం కొట్టాలి అన్న ప్రశ్నలు పుడతాయి. వాటికోసం కింద చదువుతాడు. తనది కాకపోతే దాటిపోతాడు, దాటిపోవడమే మనకూ కావాలి.

పాత_డెస్కు

సరే, సమస్య చూసుకోవడానికి వచ్చేవాడి విషయంలో ఒప్పుకుంటాను. యాత్రాకథనాలకూ, జ్ఞాపకాలకూ ఇదే కొలత పెట్టొద్దు. అక్కడ నేను ఊరించే శీర్షికే పెడతాను.

వినికిడి

నేను చూపు లేనివాణ్ణి. తెర మీది మాటలు చదివి వినిపించే NVDAతో చదువుతాను. `H` నొక్కితే ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కు వెళ్తుంది. మీరు కన్నుతో కిందికి జరుపుతూ చేసే పనినే నేను ఆ మీటతో చేస్తాను. సుజాత గారి బ్లాగు ఇప్పుడే తెరిచాను. `H` నొక్కితే శీర్షిక వచ్చింది, తర్వాత "ముగింపు" వచ్చింది, ఆ తర్వాత పక్కనున్న "పాత పోస్టులు" వచ్చింది. మధ్యలో మీరు చెప్పిన హెడ్డింగులేవీ నాకు దొరకలేదు. అవి ఉత్త బోల్డ్ అక్షరాలేమో చూడండి.

ఇంకోటి. స్థాయిల వరస గూగుల్‌కు పట్టింపు లేదన్నారు, నాకుంది. `2` నొక్కితే పెద్ద భాగాలు, `3` నొక్కితే వాటి లోపలివి వినపడాలి. అక్షరం సైజు నచ్చిందని `h2` కింద నేరుగా `h4` పెట్టేస్తే, మధ్యలో ఏదో తప్పిపోయిందని వెనక్కి వెళ్ళి వెతుక్కుంటాను.

వెబ్‌పని_కిరణ్

ఇది ఎవరికీ తట్టలేదు. సుజాత గారూ, కంప్యూటర్‌లో మీ పేజీ తెరిచి, F12 నొక్కి, Console దగ్గర ఇది పెట్టండి:

```
document.querySelectorAll('h1,h2,h3,h4')
  .forEach(h => console.log(h.tagName, h.innerText))
```

నిజమైన హెడ్డింగులన్నీ వరసగా వస్తాయి. రానివి బోల్డ్ చేసిన మామూలు లైన్లు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, వినేవాళ్ళకూ గూగుల్‌కూ అవి హెడ్డింగులు కావు. సరిచేయాలంటే ఎడిటర్‌లో ఆ లైన్ మీద కర్సర్ పెట్టి, Paragraph అని ఉన్నచోట హెడ్డింగ్ ఎంచుకుని, బోల్డ్ తీసేయడమే.

ఆ వచ్చిన జాబితాను మాత్రమే ఇంట్లో ఎవరికైనా చూపించండి. వ్యాసం ఇవ్వొద్దు. "ఆకు కిందికి ముడిచింది, ఎక్కడ చదువుతావు?" అని అడగండి. వెంటనే వేలు పెట్టి చూపిస్తే సరే. ఆలోచిస్తే హెడ్డింగ్ మార్చాలి.

సుజాత_మిద్దెతోట

నిజమే, అన్నీ బోల్డే! "ముగింపు" ఒక్కటే `h2`, అదెలా అయిందో నాకే తెలియదు. ఇప్పుడే సరిచేస్తాను. కొత్త వరస రాసుకుని సాయంత్రం పెడతాను.

వంటిల్లు_లలిత

నాది వంటల బ్లాగు. మీరు చెప్పినట్టే సబ్‌హెడ్డింగులు కాస్త పొడుగు చేశాను. ఫోన్‌లో రెండు లైన్లయ్యాయి. పై లైన్‌లోని వత్తులు కింది లైన్ గుడులకు తగులుతున్నాయి. "ఉప్పు తక్కువైతే" అని పెడితే ప్పు కింద ఏముందో తెలియడం లేదు. పైగా అక్షరాలు మసిబారినట్టు లావుగా ఉన్నాయి. చూసినవాళ్ళు ఫాంట్ బాగాలేదంటున్నారు. హెడ్డింగులు మళ్ళీ చిన్నవి చేసేయనా?

వెబ్‌పని_కిరణ్

చిన్నవి చేయకండి లలిత గారూ, తప్పు మాటల్లో లేదు, థీమ్‌లో ఉంది. చాలా థీములు ఇంగ్లిష్ అక్షరాలకు కొలత తీసి కుట్టిన చొక్కాలు. హెడ్డింగ్ లైన్ల మధ్య ఎడం 1.1, 1.2 అని పెడతారు. మనకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి అది చాలదు. థీమ్‌లో అదనపు CSS రాసేచోట ఇది పెట్టండి:

```
h1, h2, h3 { line-height: 1.6; letter-spacing: normal; }
```

మసి సంగతి ఫాంట్‌ది. మీరు వాడేది మండలి అయితే దానికి బోల్డ్ రూపం లేదు. బ్రౌజరే అక్షరాన్ని పక్కకు సాగదీసి లావు చేస్తుంది, దాంతో సున్నాలూ వత్తులూ పూడుకుపోతాయి. హెడ్డింగులకు బోల్డ్ తీసేసి సైజు పెంచండి. లేదంటే నోటో సాన్స్ తెలుగు పెట్టుకోండి, దానికి అసలు బోల్డ్ ఉంది.

సుజాత_మిద్దెతోట

కొత్త వరస ఇది. చూసి చెప్పండి.

శీర్షిక: మిరప ఆకు ముడత: కుండీ మొక్కల్లో కారణం గుర్తించడం, మందు
ఆకు ఎటు ముడిచిందో ముందు చూడండి
– ఆకు పైకి ముడిస్తే: తామర పురుగు
– ఆకు కిందికి ముడిచి కాడ సాగితే: నల్లి
– ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే: వైరస్
తామర పురుగుకు వేప నూనె
నల్లికి గంధకం
వైరస్ సోకిన మొక్క

"పరిచయం", "ముగింపు" అన్న హెడ్డింగులు తీసేశాను. ముందు పేరా హెడ్డింగ్ లేకుండా మొదలవుతుంది. వంటల మీద రాసిన ముక్క అక్కడే రెండు వాక్యాలకు కుదించాను.

వెబ్‌పని_కిరణ్

చాలా మెరుగైంది. రెండు చోట్ల చేయి పెడతాను.

మొదటిది "వైరస్ సోకిన మొక్క". మిగతావన్నీ జవాబు చెబుతున్నాయి, ఇదొక్కటి చెప్పడం లేదు. "వైరస్‌కు మందు లేదు, మొక్క పీకేయాలి" అనేయండి. చేదుగా ఉన్నా ఆ మాట హెడ్డింగ్‌లోనే ఉండాలి. లేకపోతే పైనున్న రెండు మందులూ వైరస్ మొక్క మీద కొట్టి చూస్తారు, ఈలోపు తెల్లదోమ పక్క కుండీకి పోతుంది.

రెండోది ముఖ్యం. హెడ్డింగులు ఇంత స్పష్టంగా ఉంటే కింద పేరా చదవకుండా వాటినే పాటించేవాళ్ళు పెరుగుతారు. "తామర పురుగుకు వేప నూనె", దాని కిందే "నల్లికి గంధకం". రెండూ ఉన్నాయేమోనని అనుమానమొస్తే రెండూ కొడతారు. ఆకు మాడిన ఫొటో మళ్ళీ వస్తుంది. అందుకని జాగ్రత్తను హెడ్డింగ్‌లోకే తీసుకురండి: "నల్లికి గంధకం: వేప నూనె కొట్టాక రెండు వారాల దాకా వద్దు". పొడుగవుతుంది, అవనివ్వండి. హెడ్డింగ్ ఒక్కటే చదివి వెళ్ళిపోయినవాడికి కూడా నష్టం జరగకూడదు.

గుంటూరు_మిర్చి

ఇది సరైన మాట. గంధకం ఎండ ముదిరాక కూడా కొట్టొద్దని రాయమనండి. అదీ మాడుస్తుంది.

పాత_డెస్కు

అన్నీ హెడ్డింగ్‌లోకి ఎక్కించేస్తే అది హెడ్డింగ్ ఎలా అవుతుంది? ఎండ సంగతి పేరాలో మొదటి వాక్యంగా పెట్టండి, బోల్డ్ చేయండి. హెడ్డింగ్‌కు ఒక్క హెచ్చరిక చాలు.

వెబ్‌పని_కిరణ్

మాస్టారు చెప్పినట్టే చేయండి.

సుజాత_మిద్దెతోట

సరేనండి. ఇంకో సందేహం. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఈ పేజీ ఒక్కటే ఎంచుకుని, ఏ మాటలతో వస్తున్నారో చూశాను. "మిరప ఆకు ముడత" ఉంది, "మిర్చి ముడత మందు" ఉంది, ఇంగ్లిష్ అక్షరాల్లో `mirchi aku mudatha` కూడా బాగా ఉంది. "బొబ్బర తెగులు" అని కూడా వెతుకుతున్నారు. వీటన్నిటినీ హెడ్డింగుల్లో ఎలా ఇరికించాలి?

గుంటూరు_మిర్చి

మా వైపు ముడతను బొబ్బర అనే అంటాం. అది లేకపోతే మా ఊరివాళ్ళు మీ వ్యాసం తమకు కాదనుకుంటారు.

ర్యాంక్_రాజా

ఇంగ్లిష్ అక్షరాల మాటను ఒక సబ్‌హెడ్డింగ్‌లో పెట్టండి. తెలుగు టైపు చేయనివాళ్ళే ఎక్కువ. ఈ విషయంలో నేను చెప్పేది నిజం.

వెబ్‌పని_కిరణ్

టైపు చేయనివాళ్ళు ఎక్కువన్నది నిజమే. కానీ వాళ్ళు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా సుజాత గారి తెలుగు పేజీకి ఇప్పటికే వస్తున్నారు కదా, ఆమె జాబితాయే చెబుతోంది. మరి హెడ్డింగ్‌లో ఇరికించి చదివేవాళ్ళకు అడ్డం పెట్టడం ఎందుకు? నేనైతే పెట్టను. మీరు పెట్టి చూసి, తేడా వస్తే ఇక్కడ చెప్పండి.

మిర్చి, బొబ్బర వేరే సంగతి, అవి మనుషులు మాట్లాడే మాటలు. శీర్షికలో మిరప ఉంది కాబట్టి మొదటి సబ్‌హెడ్డింగ్ "మిర్చి ఆకు ఎటు ముడిచిందో ముందు చూడండి" అనొచ్చు. బొబ్బరను మొదటి పేరాలో, "కొన్ని చోట్ల దీన్నే బొబ్బర అంటారు" అని చేర్చండి. ప్రతి పర్యాయపదానికీ హెడ్డింగ్ అక్కర్లేదు.

వినికిడి

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగును నా స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదువుతుంది. `mudatha` ఏమిటో అర్థం కావడానికి రెండుసార్లు వినాలి. నా ఓటు వద్దనే.

ర్యాంక్_రాజా

పెట్టి చూస్తాను. ఒక పాత పోస్టులో మార్చి నెల తర్వాత చెబుతాను.

వెబ్‌పని_కిరణ్

చూసేటప్పుడు శీర్షిక ముట్టుకోకండి. శీర్షికా సబ్‌హెడ్డింగులూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పంట కాలం మారినా వెతికేవాళ్ళు మారతారు. మిరప ముడతను పోయిన నెలతో పోల్చి ఏమీ తేల్చలేం, వీలైతే పోయినేడాది అదే నెలతో పోల్చండి.

సుజాత గారికీ అదే. మీకు సెర్చ్ అంకెల కంటే కామెంట్లే మంచి కొలత. "కిందికి ముడిస్తే ఏం కొట్టాలి" అని అడగడం ఆగిందా లేదా చూడండి.

సుజాత_మిద్దెతోట

మార్చేశాను. మా అమ్మాయికి హెడ్డింగుల జాబితా మాత్రమే చూపిస్తే నల్లిని వెంటనే చూపించింది. ఒక్క ఇబ్బంది వచ్చింది. వ్యాసం పైన విషయసూచిక పెట్టే ప్లగిన్ ఉంది. అందులోంచి "మందులు" భాగం లింకును పాతరోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో పంపాను. ఇప్పుడు అది నొక్కితే పేజీ పైకే వెళ్తోంది.

వెబ్‌పని_కిరణ్

ప్లగిన్ హెడ్డింగ్ మాటల నుంచే ఆ లింకు తయారుచేస్తుంది. మాటలు మారగానే `#` తర్వాతి భాగం మారిపోయింది. పేజీ తెరుచుకుంటుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. కుదర్చాలంటే పాత లింకులో `#` తర్వాత ఉన్నదాన్ని కాపీ చేసి, కొత్త వ్యాసంలో మందులు మొదలయ్యే హెడ్డింగ్ ఎంచుకుని, కుడివైపు Advanced కింద HTML anchor అన్నచోట అతికించండి. అక్కడ `%E0%B0` అంటూ పొడుగ్గా కనపడితే అది తెలుగు అక్షరాల మారురూపం, బ్రౌజర్ అడ్రస్ బార్‌లో తెరిచి తెలుగులో ఉన్నప్పుడు `#` తర్వాతి ముక్క మాత్రమే కాపీ చేసుకోండి. కొన్ని ప్లగిన్లు మీరిచ్చిన పేరును పట్టించుకోకుండా మళ్ళీ సొంతంగా తయారుచేస్తాయి. అతికించాక వాట్సాప్‌లో పాత లింకు నొక్కి చూడండి. పనిచేయకపోతే ప్లగిన్ పేరు చెప్పండి, చూద్దాం.

ఇకముందు పెట్టే హెడ్డింగులకు ఆ చోట `nalli`, `virus` లాంటి చిన్న పేర్లు మీరే ఇచ్చేయండి. తర్వాత హెడ్డింగ్ ఎన్నిసార్లు మార్చినా లింకు కదలదు.

వంటిల్లు_లలిత

నాకు 1.6 పెడితే వత్తులు విడిపోయాయి. బోల్డ్ కూడా తీసేశాను. కిరణ్ గారూ, నా పదార్థాల జాబితాకు కూడా హెడ్డింగ్ పెట్టాలా, లేక దాన్ని బోల్డ్‌గానే వదిలేయనా?